అమ్మమ్మ మాటలతోనే అమ్మమ్మకి పుట్టినరోజు పాట కట్టడం

"వచ్చే నెల మా అమ్మమ్మకి ఎనభయ్యేళ్ళు నిండుతాయి. మనవలందరం కలిసి ఒక పాట పాడాలనుకున్నాం. 'ప్రేమకు రూపం నీవే' అంటూ మొదలుపెట్టాను గానీ అది ఎవరి అమ్మమ్మకైనా సరిపోయేలా ఉంది. నాకు గుర్తున్నవి ఇవీ: ఆవిడ ఉప్పుని 'చక్కెర' అని రాసి ఉన్న డబ్బాలో పోస్తుంది, ఒకసారి మామయ్య ఆ ఉప్పుతో టీ కలిపేశాడు. ఊరికి బయల్దేరితే తాళం వేసి మళ్ళీ తీసి పొయ్యి చూసి వస్తుంది. వంట నేర్పేటప్పుడు 'వేసిన ఉప్పు తీయలేం, చూసి వెయ్యవే తల్లీ' అంటుంది. ఒక్కటే అంటూ మూడు వడ్డిస్తుంది. పని చేస్తూ ఏదో కూనిరాగం తీస్తుంటుంది. మాలో ఎవరికీ సంగీతం రాదు. వీటితో పాట ఎలా కట్టాలి?"

మీ దగ్గర పాటకి కావలసిన సరుకు ముప్పాతిక వంతు ఉంది. ముందుగా ఆ "ప్రేమకు రూపం" పంక్తిని పక్కన పెట్టేయండి. ఏ పంక్తి రాసినా ఒక పరీక్ష పెట్టుకోండి: పక్కింటి వాళ్ళ అమ్మమ్మ పుట్టినరోజుకి ఇదే పంక్తి పాడితే ఎవరికైనా తేడా తెలుస్తుందా? తెలియకపోతే అది మీ పాటలో ఉండకూడదు. "ప్రేమగ వండీ కడుపులు నింపే" అన్న పంక్తి తాళానికి చక్కగా కుదురుతుంది, కానీ అందులో మీ అమ్మమ్మ లేదు. "చక్కెర డబ్బా లోపల ఉప్పే" అనగానే గదిలో ఉన్నవాళ్ళందరికీ ఆ డబ్బా, ఆ అర, ఆవిడ చెయ్యి కనిపిస్తాయి. ప్రేమ, దీవెన, అమృతం, దేవత లాంటి మాటలు ఒక్కటి కూడా రాకుండా పాట పూర్తిచేయగలిగితే ఆ భావమంతా దానంతట అదే వచ్చి కూర్చుంటుంది.

ఇంకో రెండు మూడు జ్ఞాపకాలు కావాలనిపిస్తే మీ పిన్నినీ మామయ్యనీ అడగండి. "అమ్మమ్మలో మీకేం ఇష్టం?" అని మాత్రం అడగొద్దు. దానికి వచ్చే జవాబులన్నీ మళ్ళీ ప్రేమ, ఓర్పు దగ్గరే ఆగిపోతాయి. చేతికీ వస్తువుకీ సంబంధించిన ప్రశ్నలు వేయండి. ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వని గిన్నె ఏది? పాలు పొంగితే ముందు ఏమంటుంది? ఫోన్ పెట్టేసే ముందు చివరి మాట ఏమిటి? వచ్చిన జవాబుని ఆవిడ అన్న మాటల వరసలోనే రాసుకోండి, మీ భాషలోకి మార్చొద్దు. "తల్లీ" అనేది ఆవిడ మాట అయితే పాటలో "బంగారూ" అని ఉండకూడదు. అది వినగానే ఆవిడకి ఇది తన మాట కాదని తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పొయ్యి మళ్ళీ మళ్ళీ చూసుకునే అలవాటు ఆవిడకి ముప్పయ్యేళ్ళుగా ఉన్నదయితే అది సరదా, పాటలో పెట్టండి. ఈమధ్యే మరపు వల్ల మొదలైందయితే నలుగురిలో పాడటం ఆవిడని నొప్పిస్తుంది. ఆవిడ కూతుర్ని ఎవరినైనా అడిగితే ఈ తేడా ఒక్క మాటలో చెప్తారు. అనుమానం ఉంటే ఆ చరణం తీసేయండి, రెండు చరణాల పాట కూడా నిండుగానే ఉంటుంది.

ఇప్పుడు కట్టుబడి. సంగీతం రాని పదిమంది కలిసి పాడాలంటే అన్నిటికన్నా సులువైనది నాలుగేసి మాత్రల నడక, అంటే చతురస్ర గతి. చప్పట్లు కొడుతూ ఒక్కో చప్పట్లో "తకధిమి" అనుకోండి. ఒక పంక్తికి నాలుగు చప్పట్లు, మొత్తం పదహారు మాత్రలు. లెక్క తేలిక: పొట్టి అక్షరం ఒకటి, దీర్ఘం రెండు. పక్కన ఒత్తక్షరం ఉన్నా, సున్నా ఉన్నా, పొల్లు ఉన్నా పొట్టి అక్షరం కూడా రెండే. "ఉప్పు"లో "ఉ" రెండు, "ప్పు" ఒకటి. "అడ్డం"లో రెండూ రెండేసి.

పల్లవి ఎక్కణ్ణించి తేవాలో వెతుక్కోనక్కర్లేదు. నాలుగుసార్లు తిరిగొచ్చే చోట ఆవిడ నోట ఎక్కువసార్లు వచ్చే మాటే ఉండాలి. ఆవిడ అనేది "వేసిన ఉప్పు తీయలేం, చూసి వెయ్యవే తల్లీ". దీన్ని చప్పట్ల మీద పెట్టి చూడండి. "వేసిన" సరిగ్గా నాలుగు. "ఉప్పు" మూడే, ఒకటి తక్కువ, "ఉప్పును" అంటే నాలుగవుతుంది. "తీయలేం"ని "తీయగలేమే" అని సాగదీస్తే "తీయగ" నాలుగు, "లేమే" నాలుగు. రెండో సగంలో "చూసి" మూడే కాబట్టి చివర సాగదీసి "చూసీ" అందాం. దాన్ని రెండుసార్లు అంటే ఆవిడ హెచ్చరిక ఇంకా బాగా వినిపిస్తుంది. "వెయ్యవే"లో చివరి దీర్ఘం తగ్గిస్తే "వెయ్యవె" నాలుగు. "తల్లీ" నాలుగు.

వేసిన ఉప్పును తీయగలేమే
చూసీ చూసీ వెయ్యవె తల్లీ
పుట్టినరోజిది అమ్మమ్మా
నీ మాటే మా పాటమ్మా

మొదటి రెండు పంక్తుల్లో రెండో అక్షరం చూడండి, "సి", "సీ". ప్రాస దానంతట అదే కుదిరింది, ఎందుకంటే ఆవిడ మాటలోనే అది ఉంది. ఇంట్లో ఏళ్ళ తరబడి నలిగిన మాటల్లో ఇలాంటి పొందిక తరచుగా ఉంటుంది. అందుకే వాటిని వీలైనంత తక్కువగా మార్చాలి. మూడో, నాలుగో పంక్తులు పద్నాలుగు మాత్రలే. మిగిలిన రెండు మాత్రలూ ఊపిరి తీసుకోవడానికి. ప్రతి పంక్తీ పదహారూ నింపేస్తే మూడో చరణానికి పిల్లలు రొప్పుతారు.

"తీయగలేమే" అనేది ఆవిడ మామూలుగా అనే తీరు కాదు, పాట కోసం చేసిన సర్దుబాటు. ఆ లోటు పూడ్చడానికి ఒక మార్గం ఉంది. పాట మొదలయ్యే ముందు మీలో చిన్నవాళ్ళు ఒకరు ముందుకొచ్చి ఆవిడ మాటని ఆవిడ అన్నట్టే, పాడకుండా, "వేసిన ఉప్పు తీయలేం, చూసి వెయ్యవే తల్లీ" అని అనాలి. వెంటనే అందరూ పల్లవి ఎత్తుకోవాలి. అసలు మాట చెవిలో పడ్డాక పాటలో చేసిన మార్పు ఎవరికీ అడ్డురాదు.

మొదటి చరణం వంటింటిది.

చక్కెర డబ్బా లోపల ఉప్పే
ఒక్కరికైనా చెప్పని గుట్టే
మామయ కలిపిన ఉప్పటి టీకే
నవ్వీ నవ్వీ కళ్ళలొ నీళ్ళే

మొదటి రెండు పంక్తులకి "క్క" ప్రాస కుదిరింది. మూడు, నాలుగు పంక్తులకి కుదరలేదు. "మామయ"కి ప్రాస కావాలంటే నాలుగో పంక్తిని "ఏమని చెప్పను నవ్విన నవ్వే" అని మార్చవచ్చు, మాత్రలు కూడా సరిపోతాయి. కానీ మార్చొద్దనే అంటాను. "ఏమని చెప్పను" అనగానే బొమ్మ చెరిగిపోతుంది. పాడేవాళ్ళు చూసినదాన్ని చెప్పకుండా, చెప్పలేమంటున్నారు. కళ్ళలో నీళ్ళొచ్చేలా ఆవిడ నవ్వడం మామయ్య చూశాడు, అక్కడున్న అందరూ చూశారు. ప్రాసకీ నిజానికీ పోటీ వస్తే నిజమే గెలవాలి. చివర్లో "టీకే, నీళ్ళే" అన్న ఏత్వం చాలు, చెవికి ముగింపు దొరుకుతుంది. నిజంగా ఆ రోజు ఆవిడ నవ్వకుండా తిట్టి ఉంటే మాత్రం నాలుగో పంక్తిలో ఆ తిట్టే పెట్టండి, అది ఇంకా బాగుంటుంది.

రెండో చరణం అలవాటుది. అలవాటుని వర్ణించకుండా, ఏం చేస్తుందో ఆ వరసలోనే చెప్పండి. మాట తిరిగొస్తుంటే అలవాటు కూడా తిరిగొస్తున్నట్టు వినిపిస్తుంది.

తాళం వేసీ మళ్ళీ తీసీ
ఆర్పిన పొయ్యిని మళ్ళీ చూసీ
బండెక్కాకా అడిగే మాటే
పొయ్యిని ఆర్పానా అని మళ్ళీ

"మళ్ళీ" మూడుసార్లు వచ్చింది, కావాలనే. మామూలుగా ఒకే మాట మూడుసార్లు వస్తే పాట పేలవమవుతుంది, ఇక్కడ మాత్రం విషయమే అది. నాలుగో పంక్తిలో "ఆర్పానా" అన్న మాట రెండు చప్పట్ల మధ్య విరుగుతుంది: "ఆర్పా" ఒక చప్పట్లో, "నా అని" తర్వాతి దానిలో. మాట ఇలా విరిగితే చాలాసార్లు అర్థం చెడుతుంది. ఇది ప్రశ్న కాబట్టి "నా" మీద చప్పట్లు పడి సందేహం ఇంకా గట్టిగా వినిపిస్తుంది. మీరు కొత్తగా పంక్తులు రాస్తే ఈ విరుపు ఎక్కడ పడుతోందో ప్రతిసారీ చప్పట్లు కొట్టి చూసుకోండి, కాగితం మీద అది తెలియదు.

మూడోది వడ్డన.

ఒక్కటె అంటూ రెండే వేసీ
పక్కకు తిరిగితె మూడోదేసీ
చాలని చెయ్యే అడ్డం పెడితే
వేలికి వేలికి మధ్యన వేసే

ఇక్కడ రెండు జంటలకీ ప్రాస కుదిరింది, "క్క"తో ఒకటి, "ల"తో ఒకటి. చివరి పంక్తిలోని సంగతి నేను ఊహించి పెట్టింది. మీ ఇంట్లో అలా జరగకపోతే, చెయ్యి అడ్డం పెట్టినప్పుడు ఆవిడ నిజంగా ఏం చేస్తుందో అది రాయండి. ఏ పదార్థమో పేరు పెట్టగలిగితే ఇంకా మంచిది: "ఒక్కటె" బదులు ఆ పేరే నాలుగు మాత్రల్లో ఇమిడితే అక్కడ పెట్టేయండి. నాలుగో చరణం జోలికి వెళ్ళొద్దు. చప్పట్లు సెకనుకి ఒకటి చొప్పున పడితే పంక్తికి నాలుగు సెకన్లు, నాలుగు పంక్తులకి పదహారు. పల్లవి నాలుగుసార్లు, చరణాలు మూడు, అన్నీ కలిపి ఏడు పదహార్లు, అంటే రెండు నిమిషాలకి కొంచెం తక్కువ. ఎనభయ్యేళ్ళ చెవికి ఈ వేగం బాగుంటుంది. దీనికన్నా తొందరపడితే ఒత్తక్షరాలు ఒకదాన్నొకటి మింగేసి, మీరు ఇంత శ్రమపడి ఏరుకున్న మాటలు ఆవిడకి అందవు.

వరస విషయానికొస్తే, అందరికీ తెలిసిన సినిమా పాట బాణీలో ఇరికించాలనే ఆలోచన మొదట వస్తుంది. దానితో ఒక ఇబ్బంది ఉంది. పాడుతూ పాడుతూ ఎవరో ఒకరి నోటికి అసలు పాట మాటలు వచ్చేస్తాయి, వినేవాళ్ళ మనసు కూడా అటే పోతుంది. మీకు దానికన్నా మంచి దారి ఉంది: ఆవిడ కూనిరాగం. ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు ఫోన్ దగ్గర్లో ఎక్కడైనా పెట్టి ఆ రాగం రికార్డు చేయండి. అది ఏ పాటో తెలుసుకోనక్కర్లేదు. అందులో మొదటి పలుకు, నాలుగైదు స్వరాల ముక్క, దాన్నే "వేసిన ఉప్పును" మీద పెట్టండి. మిగతా పంక్తి అక్కణ్ణించి కిందికి దిగితే చాలు. కూనిరాగం దొరక్కపోతే మోహన రాగం స్వరాలు, స రి గ ప ద, ఈ ఐదింటిలోనే తిరగండి. వీటిలో ఎటు నుంచి ఎటు వెళ్ళినా పెద్దగా అపస్వరంగా వినిపించదు, అందుకే రానివాళ్ళకి ఇది భరోసా. పల్లవి "స" నుంచి "ప" లోపల ఉంచి, చరణం "ప" దగ్గర ఎత్తుకుని నాలుగో పంక్తిలో మళ్ళీ "స"కి దిగండి.

గుంపు పాటలు ఎక్కువగా చెడేది శ్రుతి దగ్గర. పల్లవి హాయిగా ఉన్న ఎత్తులో మొదలుపెడతారు, చరణం పైకి వెళ్ళేసరికి సగం మంది గొంతులు ఆగిపోతాయి. కాబట్టి ముందు చరణం మొదటి పంక్తి పాడండి. పిల్లలూ పెద్దవాళ్ళూ గొంతు బిగించకుండా దాన్ని అందుకోగలిగిన ఎత్తు దొరికాక, అక్కణ్ణించి కిందికి దిగి పల్లవి ఎక్కడ మొదలవ్వాలో ఖాయం చేసుకోండి. ఆ మొదటి స్వరాన్ని ఫోన్‌లో దాచుకుని, ఆ రోజు పాడే ముందు ఒకసారి వినండి. నలుగురిలో ఉత్సాహంలో ఉన్నప్పుడు ఎవరైనా ఇంట్లో పాడినదానికన్నా పైనే ఎత్తుకుంటారు.

ఇంకో సంగతి లెక్కలో కనపడదు, నోటికే తెలుస్తుంది. "తీ"కీ "ఉప్పు"లోని "ఉ"కీ మాత్రలు రెండే అయినా, రెండూ ఒకేలా సాగవు. "తీ" ఎంత సేపు సాగదీసినా "తీ"గానే ఉంటుంది. "ఉ"ని సాగదీస్తే "ఊప్పు" అయిపోతుంది. అందుకని వరసలో నిలిచే స్వరాలు, గమకాలు ఉంటే అవీ, దీర్ఘాల మీదే పడేలా చూడండి: "వేసిన"లో "వే", "తీయగ"లో "తీ", "చూసీ"లో రెండూ. ఒత్తు ముందున్న అక్షరాన్ని మామూలుగా అని, ఒత్తు దగ్గర రవ్వంత ఆగితే మాట స్పష్టంగా వస్తుంది. మాట చివర సున్నా ఉన్నచోట, "తాళం" లాంటి వాటి మీద, పెదవులు మూసి "మ్" అని నిలపవచ్చు, గుంపులో అది బాగా మోగుతుంది.

అందరూ ఒకేలా పలకాల్సినచోట్లు కూడా ముందే తేల్చుకోండి. "వేసిన ఉప్పును" అని విడిగా అనాలా, మాట్లాడినట్టు "వేసినుప్పును" అని కలపాలా? కలిపితే ఒక మాత్ర తగ్గి చప్పట్లు జారుతాయి. ఇంట్లో సగం మంది ఒకలా, సగం మంది ఇంకోలా పాడితే మొదటి పంక్తిలోనే గందరగోళం. ఇందులో విడిగానే అనాలి. అలాగే "కళ్ళలొ"లో "లొ" పొట్టిగా ఉండాలి, "మామయ"లో "య"కి ఒత్తు పెట్టకూడదు. కాగితాలు పంచేటప్పుడు పంక్తుల్ని చప్పట్ల ప్రకారం గీతలతో విడగొట్టి రాస్తే ఈ పొరపాట్లు చాలావరకు పోతాయి:

వేసిన / ఉప్పును / తీయగ / లేమే

పాడేవాళ్ళని కూడా పంచుకోండి. పల్లవి అందరూ, చరణాలు ఒక్కొక్కరు. వంటింటి చరణం మామయ్య పాడితే సగం నవ్వు అక్కడే వచ్చేస్తుంది, గొంతు ఎలా ఉన్నా ఫరవాలేదు. వడ్డన చరణం ఆవిడ దగ్గర ఎక్కువగా తిన్న మనవడికో మనవరాలికో ఇవ్వండి. మూడు నాలుగు సార్లు కలిసి పాడుకుంటే చాలు, చివరిసారి కాగితాలు పక్కన పెట్టి పాడండి. కాగితం చూస్తున్న కళ్ళు ఆవిడ వైపు తిరగవు.

పాట మధ్యలో ఆవిడ ఊరుకోదు. "నేనెప్పుడు వేశాను మూడోది?" అనో, "టీ కలిపింది వాడు కాదు" అనో అందుకుంటుంది. ఆ మాటలు మీ పాట గోలలో మునిగిపోకూడదు. అందుకని ప్రతి చరణం అయ్యాక పల్లవికి ముందు నాలుగు చప్పట్లు ఖాళీగా ఉంచి సాధన చేయండి. ఆవిడ ఏమీ అనకపోతే చప్పట్లు అయ్యాక పల్లవి ఎత్తుకోవచ్చు. ఏమైనా అంటే చప్పట్లు కొడుతూనే ఉండి, ఆవిడ ముగించాక, ముందు అనుకున్న ఒకరు "వేసిన" అని అందిస్తే మిగతావాళ్ళు కలుస్తారు. ఆ అందించేవాళ్ళు ఎవరో ఇప్పుడే ఖాయం చేసుకోండి, తాళం తప్పని వాళ్ళనే పెట్టండి.